వేగం సున్నా, వడి అరవై

మా అమ్మమ్మ ఇంటి వసారాలో, వంటింటి గుమ్మానికి పక్కగా, నేలలో పాతిన గుంజ ఒకటి ఉండేది. దానికి జానెడు ఎడంగా రెండు తాటి ఉచ్చులు. తెల్లవారుజామున ఆ గుంజ పక్కనే కుదురు పెట్టి, దాని మీద చల్లకుండ కూర్చోబెట్టి, కవ్వాన్ని రెండు ఉచ్చుల్లోంచి దింపి, తల భాగం పెరుగులో మునిగేలా నిలబెట్టేది అమ్మమ్మ. తర్వాత కవ్వం నడుముకి నూలు తాడు చుట్టేది. తాడు రెండు కొనలకీ చేతికి పట్టుగా ఉండటానికి చిన్న పుల్లలు కట్టి ఉండేవి. పీట మీద కూర్చుని కుడి చేత్తో లాగితే ఎడమ చెయ్యి ముందుకు వెళ్లేది. ఎడమ చేత్తో లాగితే కుడి చెయ్యి వెళ్లేది. మేం పక్క మీద పడుకుని ఉండగానే ఆ సర్రు సర్రు చప్పుడు వినిపిస్తూ ఉండేది.

ఓసారి ఆవిడ లేచి వెళ్లినప్పుడు నేను తాడు తీసేసి, కవ్వాన్ని రెండు అరచేతుల మధ్యా పట్టుకుని ఒకే వైపుకి తిప్పటం మొదలుపెట్టాను. ఇటు అటు తిప్పటం దండగ, ఒకే వైపు తిప్పితే పని తొందరగా అవుతుందని నా ఆలోచన. అమ్మమ్మ వచ్చి చూసింది.

"అలా తిప్పితే పెరుగు కూడా దాంతోపాటే తిరుగుతుందిరా, చిలకబడదు" అంది.

ఆ ఒక్క మాటలో ఎంత యంత్రశాస్త్రం ఉందో అర్థం కావడానికి నాకు కాలేజీ దాటేదాకా పట్టింది. చల్ల చిలకడంలో విషయమంతా ఆ తిరగబడటంలోనే ఉంది. అయితే అక్కడికి చేరాలంటే ముందు తాడు దగ్గర మొదలుపెట్టాలి.

కవ్వం కర్ర 3 సెంటీమీటర్ల మందం ఉందనుకుందాం. అంటే నడిమధ్య గీత నుంచి తాడు ఆనే అంచు దాకా 1.5 సెంటీమీటర్లు. తాడు వెనక నుంచి చుట్టుకుని కర్రకి కుడి పక్క నుంచి ఒక కొన, ఎడమ పక్క నుంచి ఇంకో కొన, రెండూ మనిషి వైపుకే వస్తాయి. కుడి కొనని లాగితే కర్ర ఒక వైపుకి తిరుగుతుంది, ఎడమ కొనని లాగితే దానికి ఎదురు వైపుకి. ఇలా తిప్పే ప్రభావాన్నే టార్క్ అంటారు. పాత పాఠ్యపుస్తకాల్లో బల భ్రామకం అని ఉంటుంది. లాగే బలాన్ని, ఆ బలం ఇరుసు నుంచి ఎంత దూరంలో పనిచేస్తోందో ఆ దూరంతో గుణిస్తే టార్క్ వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కవ్వాన్ని తిప్పేది లాగే చేతి బలం మొత్తం కాదు, రెండు చేతుల బలాల మధ్య తేడా. కుడి చెయ్యి 2.4 కిలోల బరువు ఎత్తినంత బలంతో లాగుతోంది, ఎడమ చెయ్యి తాడుని వదులుతూనే 400 గ్రాముల బరువంత బిగువుతో ఆపి పట్టుకుంది అనుకోండి. తేడా 2 కిలోలు, అంటే దాదాపు 20 న్యూటన్లు. దాన్ని 0.015 మీటర్లతో గుణిస్తే 0.3 న్యూటన్ మీటర్ల టార్క్. రెండు చేతులూ సమానంగా లాగితే తేడా సున్నా. ఎంత గట్టిగా లాగినా కవ్వం కదలదు, ఊరికే గుంజ నుంచి మన వైపుకి ఒరగబోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకి చెయ్యి తిరగనిది ఇక్కడే. లాగే చెయ్యి లాగుతుంది గానీ రెండో చెయ్యి సమయానికి వదలదు.

అలాగని రెండో చెయ్యి పూర్తిగా వదిలేస్తే? ఆ 400 గ్రాముల బిగువు వృథా అనిపిస్తుంది కదా, అదే లేకపోతే 20 న్యూటన్లకి బదులు 24 న్యూటన్లూ కవ్వానికే వెళ్తాయి కదా అనిపిస్తుంది. నిజానికి అది వదిలిన మరుక్షణం తాడు కర్ర మీద జారిపోతుంది, కవ్వం ఆగిపోతుంది. తాడు కర్రని తిప్పేది ఒరిపిడి వల్లే. ఒరిపిడి పుట్టాలంటే తాడు కర్రని అదిమి పట్టాలి, అదిమి పట్టాలంటే రెండో కొన దగ్గర కాస్తయినా బిగువు ఉండాలి. ఆ చిన్న బిగువుని చుట్లు ఎన్ని రెట్లు పెంచగలవో 18వ శతాబ్దంలో ఆయిలర్ లెక్క కట్టాడు. ఓడని రేవులో తాడుతో కట్టేసేవాళ్లకి పనికొచ్చిన లెక్కే చల్లకుండ దగ్గరా పనికొస్తుంది. ఆ లెక్కలో ప్రతి చుట్టూ కూడదు, గుణిస్తుంది.

పొడి నూలు తాడుకీ కర్రకీ మధ్య ఒరిపిడి గుణకం 0.3 అనుకుందాం. తాడుని ఊరికే వెనక నుంచి తిప్పి ముందుకి తెస్తే అది అర చుట్టు. అప్పుడు లాగే చేతి బిగువు, వదిలే చేతి బిగువుకి 2.6 రెట్లు దాటితే చాలు, తాడు జారుతుంది. మనకి కావాల్సింది 6 రెట్లు: 2.4 కిలోలు, 400 గ్రాములు. కాబట్టి అర చుట్టు చాలదు. ఒకటిన్నర చుట్లు వేస్తే ఆ హద్దు దాదాపు 17 రెట్లకి పెరుగుతుంది, పని జరుగుతుంది. కానీ చిలుకుతూ ఉంటే తాడు పొడిగా ఉండదు. చెయ్యి తడి తగులుతుంది, కవ్వం సర్దేటప్పుడు వెన్న అంటుతుంది. అలా ఒరిపిడి సగానికి పడిపోయిందనుకుంటే అదే ఒకటిన్నర చుట్లు 4 రెట్ల దాకానే పట్టి ఉంచగలవు, తాడు జారుతుంది. రెండున్నర చుట్లు వేస్తే జిడ్డు తాడు కూడా 10 రెట్ల దాకా పట్టు వదలదు. అమ్మమ్మ తాడుని రెండు చుట్లు చుట్టి, పైన ఇంకో అర చుట్టు తిప్పి ముందుకి తెచ్చేది. ఎందుకని అడిగితే "తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే చిక్కుపడుతుంది" అని చెప్పేది. రెండూ నిజమే. నాలుగైదు చుట్లు వేస్తే పట్టుకి లోటుండదు గానీ, ఇటు అటు పరిగెత్తే తాడు చుట్టు మీద చుట్టు ఎక్కి బిగుసుకుపోతుంది. అప్పుడు విప్పి మళ్లీ చుట్టడం తప్ప దారి లేదు.

తాడు జారుతోందని కంటికి తెలియకముందే చేతికి తెలుస్తుంది. లాగుడు ఉన్నట్టుండి తేలికవుతుంది, కుండలో చప్పుడు మాత్రం తగ్గుతుంది. అప్పుడు చెయ్యాల్సింది ఇంకా గట్టిగా లాగటం కాదు; రెండో చేతిని కాస్త బిగించటం. అదీ కుదరకపోతే తాడునీ కర్రనీ పొడిగుడ్డతో తుడవాలి.

గుంజ చేసే పని కూడా చెప్పాలి. తాడు రెండు కొనలూ మనిషి వైపుకే వస్తున్నాయి కాబట్టి, తిప్పడంలో ఒకదాన్నుంచి ఒకటి తీసేసిన బలాలు, లాగడంలో కూడుకుంటాయి. 2.4 కిలోలూ 400 గ్రాములూ కలిసి 2.8 కిలోల బరువంత బలం కవ్వాన్ని మనిషి మీదకి లాగుతూ ఉంటుంది. దాన్ని ఆపేది గుంజకున్న ఆ రెండు ఉచ్చులే. ఒక్క ఉచ్చే ఉంటే కవ్వం దాని చుట్టూ ఊగి కుండ అంచుకి కొట్టుకుంటుంది. రెండు ఉచ్చుల నడుమ తాడు పడితే నిటారుగా నిలుస్తుంది. క్షీరసాగర మథనం కథలో మందరగిరిని కవ్వంగా, వాసుకిని తాడుగా చేసి తిప్పబోతే కొండ కిందికి కుంగిపోయింది, అప్పుడు విష్ణువు కూర్మమై కింద ఆధారంగా నిలిచాడు. ఆ కథ చెప్పినవాళ్లు చల్ల చిలకడాన్ని దగ్గరగా చూసినవాళ్లని నాకు గట్టి నమ్మకం. తాడు, కర్ర ఎంత గొప్పవైనా ఇరుసుకి ఆనిక లేకపోతే చిలకడం లేదు.

ఇక వేగం దగ్గరికి వద్దాం. ఒక్కో లాగుడుకీ మూరెడు తాడు, అంటే 45 సెంటీమీటర్లు, చేతిలోకి వస్తుందనుకుందాం. కర్ర చుట్టుకొలత 9.4 సెంటీమీటర్లు. అంటే ఒక లాగుడులో కవ్వం 4.8 చుట్లు తిరుగుతుంది. లాగుడుకి అర సెకను పడితే సెకనుకి తొమ్మిదిన్నర చుట్లు, నిమిషానికి దాదాపు 570. చుట్లకి బదులు శాస్త్రవేత్తలు వాడే రేడియన్లలో చెప్పాలంటే లెక్క ఇంకా సులువు: తాడు వడిని కర్ర వ్యాసార్ధంతో భాగిస్తే చాలు. తాడు సెకనుకి 0.9 మీటర్లు పోతోంది, వ్యాసార్ధం 0.015 మీటర్లు, కాబట్టి సెకనుకి 60 రేడియన్లు. ఇది సగటు మాత్రమే. ప్రతి లాగుడూ నిశ్చలంగా మొదలై, మధ్యలో జోరందుకుని, మళ్లీ ఆగుతుంది కాబట్టి నడిమధ్యలో కవ్వం ఈ సగటుకి ఒకటిన్నర రెట్ల దాకా పోతుంది.

ఇక్కడ మన భౌతికశాస్త్ర పుస్తకాలు పాటించే ఒక చక్కటి తేడా అక్కరకొస్తుంది. వాటిల్లో వడి వేరు, వేగం వేరు. ఎంత జోరుగా పోతోందన్నది వడి. ఎటు పోతోందన్నది కూడా కలిస్తే వేగం. కవ్వం అర సెకను పాటు కుడికి సెకనుకి 60 రేడియన్లు తిరిగింది, తర్వాతి అర సెకను ఎడమకి సెకనుకి 60 రేడియన్లు తిరిగింది. సెకను గడిచేసరికి మొదలుపెట్టిన చోటికే వచ్చింది. దాని సగటు కోణీయ వేగం సున్నా. సగటు కోణీయ వడి 60. 20 నిమిషాలు చిలికితే 2,400 లాగుళ్లు, కిలోమీటరుకి పైగా తాడు చేతుల గుండా పోతుంది, కవ్వం 11 వేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. వాటిలో సగం చుట్లు మిగతా సగాన్ని విప్పేస్తాయి. చివర్లో చూస్తే కవ్వం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. మారింది కుండలోనే.

తాడు పొడవు ఎంతో కొంతే కాబట్టి వెనక్కి రాక తప్పదు గనకే ఇలా తిప్పుతారని అనుకోవచ్చు. అది సగం కారణమే. మిగతా సగం అమ్మమ్మ చెప్పిందే. గుండ్రటి కుండలో కవ్వాన్ని ఒకే వైపుకి తిప్పుతూ పోతే కాసేపటికి పెరుగంతా కవ్వంతోపాటు గిర్రున తిరగటం మొదలవుతుంది. మధ్యలో సుడి పడుతుంది, అంచుల్లో పెరుగు పైకి ఎగబాకుతుంది. చూడటానికి జోరుగా ఉంటుంది. కానీ కవ్వం రెక్కకీ దాని పక్కనున్న పెరుగుకీ మధ్య తేడా తగ్గిపోతుంది. చిలకడం అంటే ఆ తేడానే. ఒకే దిశలో ఒకే వడితో పోయే రెండు బళ్లు పక్కపక్కన పోతున్నట్టే గానీ ఒకదాన్నొకటి రాసుకోవు. కవ్వం తిరగబడినప్పుడు పెరుగు ఇంకా పాత దిశలోనే పోతూ ఉంటుంది. రెక్క దానికి ఎదురొస్తుంది. సెకనుకి రెండుసార్లు ఈ ఎదురుపాటు జరుగుతుంది, పెరుగు దారిలో పడే లోపే దారి మారిపోతుంది.

ఒకే వైపుకి తిరిగే యంత్రాలకి ఈ చిక్కు తప్పదు. మీ మిక్సీ జార్ లోపలికి చూడండి. గోడకి నిలువుగా గట్లు ఉంటాయి. లోపలి పదార్థం బ్లేడుతోపాటు ఊరికే గిరగిరా తిరగకుండా అడ్డుపడటానికే అవి. పెద్ద పెద్ద కర్మాగారాల్లో ద్రవాలు కలిపే తొట్లకీ లోపలి గోడ పొడుగునా అలాంటి పలకలు బిగిస్తారు. నున్నటి చల్లకుండకి గట్లు లేవు. తాడే ఆ పని చేస్తోంది.

కుండలో ఏం జరుగుతోందో చూద్దాం. కవ్వం తల 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, అది కర్ర మందానికి మూడు రెట్లు. కాబట్టి తాడు సెకనుకి 0.9 మీటర్లు పోతుంటే రెక్క అంచు 2.7 మీటర్లు పోతుంది. బలం మాత్రం మూడో వంతుకి తగ్గుతుంది. చేతి దగ్గర బలం ఎక్కువ, జోరు తక్కువ. పెరుగు దగ్గర జోరు ఎక్కువ, బలం తక్కువ. కర్ర సన్నగా ఉండి తల వెడల్పుగా ఉండటంలోని కిటుకు ఇదే. కర్రని ఇంకా సన్నం చేస్తే ఒక్కో లాగుడుకి ఇంకా ఎక్కువ చుట్లు వస్తాయి గానీ, అదే టార్క్ రావాలంటే చెయ్యి ఇంకా గట్టిగా లాగాలి. కర్ర రెండింతలు మందమైతే లాగుడు తేలిక. చుట్లు సగమైపోతాయి, వెన్న రావడం ఆలస్యమవుతుంది.

పాలలో కొవ్వు కంటికి కనిపించనంత చిన్న గోళీలుగా ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి వందో వంతు దాకా ఉండే ఆ గోళీల్లో ఒక్కోదానికీ పలచటి పొర ఉంటుంది, అందుకే అవి ఒకదానికొకటి అంటుకోవు. రెక్క ఎదురొచ్చినప్పుడు పక్కపక్క పొరల పెరుగు వేర్వేరు వడులతో రాసుకుపోతుంది. ఆ రాపిడికీ, నురగలో చిక్కిన గాలి బుడగల మీద గోళీలు పరుచుకోవడానికీ ఆ పొరలు చిరుగుతాయి. లోపలి కొవ్వు బయటపడి పక్క గోళీని అంటుకుంటుంది. అలా రవ్వంత, ఆవగింజంత, తర్వాత ముద్ద.

ఈ పనికి ఎంత శక్తి కావాలో పై లెక్కలే చెబుతాయి. టార్క్‌ని కోణీయ వడితో గుణిస్తే, 0.3 ఇంటూ 60, అంటే 18 వాట్లు. ఎల్‌ఈడీ బల్బులు రెండు వెలిగించేంత. రెట్టింపు జోరుగా లాగితే సగం సేపట్లో అయిపోతుందనుకోకండి. పెరుగు పలచబడి సుళ్లు తిరుగుతున్నప్పుడు వడి రెట్టింపైతే కావాల్సిన టార్క్ సుమారు నాలుగింతలవుతుంది, శక్తి ఎనిమిదింతలు. 18 వాట్లు కాస్తా 144 అవుతాయి. చేతులతో అంత శక్తిని నాలుగు నిమిషాలు నిలబెట్టడం కూడా కష్టమే. అమ్మమ్మ ఎప్పుడూ తొందరపడకపోవడానికి ఓపిక ఒక్కటే కారణం కాదు.

ఇంకో చిక్కు వేడి. 18 వాట్ల చొప్పున 20 నిమిషాలు పెట్టిన శక్తంతా, దాదాపు 21,600 జౌళ్లు, చివరికి కుండలోనే వేడిగా మిగులుతుంది. 5 లీటర్ల పెరుగూ నీళ్ల మిశ్రమాన్ని అది ఒక డిగ్రీ దాకా వెచ్చబరచగలదు. ఇంగ్లండులో జేమ్స్ జౌల్ 1840లలో చేసిన పేరుపొందిన ప్రయోగం కూడా ఇలాంటిదే: బరువులు కిందికి దిగుతూ తాడుని లాగితే, ఆ తాడు నీళ్లలో ఒక తెడ్డుచక్రాన్ని తిప్పింది, నీళ్లు ఎంత వెచ్చబడ్డాయో ఆయన కొలిచాడు. ఆయన పాత్రలో కూడా నీళ్లు చక్రంతోపాటు తిరగకుండా అడ్డుపలకలు ఉండేవి.

ఒక డిగ్రీ అంటే తక్కువే, కానీ వెన్నకి చలీ వేడీ పట్టింపు ఎక్కువ. కొవ్వు గోళీల్లో కొంత గడ్డకట్టి, కొంత మెత్తగా ఉన్నప్పుడే అవి ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. మన ఒంటి వేడికి పాలకొవ్వు దాదాపు పూర్తిగా కరిగిపోతుంది. అప్పుడు ఎంత చిలికినా నూనెలా తేలుతుంది గానీ ముద్ద కట్టదు. మరీ చల్లగా ఉంటే గోళీలు గట్టిపడి ఒకదాన్నొకటి తాకి విడిపోతాయి. అందుకే ఎండాకాలం తెల్లవారకముందే చిలికి, మధ్యలో చన్నీళ్లు పోసేవాళ్లు. చలికాలం గోరువెచ్చటి నీళ్లు ఓ చెంబుడు పోసేవాళ్లు. మట్టికుండ తన పైతడి ఆరుతూ లోపలి వేడిని కొంత తీసేస్తుంది కూడా.

వెన్న పడే ఘడియని చెవి పట్టుకుంటుంది. ముందు మందంగా, మెత్తగా ఉండే చప్పుడు, నురగ కుండ మెడ దాకా పొంగినప్పుడు మూగబోతుంది. తర్వాత నురగ ఒక్కసారిగా కుంగిపోతుంది, పలచటి నీళ్లు చిందినట్టు చప్పుడు తేలికవుతుంది, తాడు కూడా తేలికవుతుంది. కవ్వం పైకెత్తి చూస్తే రెక్కలకి రవ్వలా అంటి ఉంటుంది. అక్కడ వడి తగ్గించి, చన్నీళ్లు చల్లి, నెమ్మదిగా నాలుగు లాగుళ్లు లాగితే రవ్వ ముద్ద కడుతుంది. అది దాటి అదే జోరుతో చిలికితే, ముఖ్యంగా ఎండాకాలం, పడ్డ వెన్న మెత్తబడి మళ్లీ మజ్జిగలో కలిసిపోతుంది. మిక్సీలో వెన్న తీసేవాళ్లకి తరచూ ఎదురయ్యే కష్టం ఇదే. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు ఆ ఘడియని క్షణాల్లో దాటేస్తుంది, పెరుగుని వెచ్చబరుస్తుంది కూడా. అందుకే ఐసు ముక్కలు వేసి, ఆపి ఆపి తిప్పమంటారు.

మీ ఇంట్లోనో, ఊళ్లో మీ వాళ్లింట్లోనో కవ్వం, తాడు ఇంకా ఉంటే ఈ లెక్క మీరే చేసి చూడొచ్చు. కర్ర చుట్టూ ఒక దారం తిప్పి చుట్టుకొలత కొలవండి. లాగుడుకి ఎంత తాడు వస్తోందో తాడు మీద సున్నంతో గుర్తు పెట్టి చూడండి. నిమిషంలో ఎన్ని లాగుళ్లో లెక్కపెట్టండి. తాడు పొడవుని చుట్టుకొలతతో భాగించి, లాగుళ్లతో గుణిస్తే నిమిషానికి చుట్లు వచ్చేస్తాయి. కర్ర మీద కూడా ఒక సున్నపు బొట్టు పెట్టి, నెమ్మదిగా ఒక్క లాగుడు లాగి ఆ బొట్టు ఎన్నిసార్లు కనబడిందో చూడండి. లెక్క కన్నా బొట్టు తక్కువసార్లు కనబడితే మీ తాడు జారుతోందన్నమాట. ఇంకో చుట్టు వేయండి.